నోరు మూస్తే లాభమే కదరా

ఆ కొట్టుకి వచ్చేవాళ్ళలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. చిల్లరక్క అంటే చాలు. ఎంత పెద్ద నోటు ఇచ్చినా "చిల్లర లేదు, తర్వాత రండి" అన్న మాట ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోటివెంట రాలేదు. గల్లాపెట్టెలో నాణేలకి ఆరు గిన్నెలు, నోట్లకి అయిదు అరలు, అన్నిటికీ అడుగున ఎవరూ అడగని చిన్న నాణేలకి ఒక సబ్బుపెట్టె. ఆ సబ్బుపెట్టె ఎందుకక్కా అని అడిగితే, "ఎప్పుడో ఒకరోజు ఒకడు అడుగుతాడు, వాడి ముందు తలవంపులెందుకు?" అనేది.

అది ఇంటి సామాన్ల కొట్టు. కుళాయిలు, పైపులు, తాళాలు, గొళ్ళాలు, మేకులు, రంగు డబ్బాలు. రెండు షట్టర్ల వెడల్పు, లోపలికి పోయేకొద్దీ పోతూనే ఉండే పొడుగు. కొట్టు పెట్టింది పెద్దాయన. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు నడిపేది ఆయన కొడుకు. మనిషి మంచివాడే. కాకపోతే అనుమానం కొంచెం ఎక్కువ, నవ్వు కొంచెం తక్కువ. చిల్లరక్క ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది, వయసులో ఆయన రెండేళ్ళు చిన్నవాడైనా సరే. జీతం ఇచ్చేవాడు ఎప్పుడూ అన్నయ్యే కదా మరి.

చిల్లరక్క గొప్పతనం చిల్లరలో లేదు, బేరంలో ఉంది. కొట్టు మొత్తం మీద అది అందరికీ తెలిసిన సంగతే, ఎలా అన్నదే ఎవరికీ తెలీదు. తాపీ మేస్త్రీలు పక్క మనిషి ఖాళీగా ఉన్నా సరే ఆవిడ ముందే వరసలో నిలబడేవారు. ఆవిడ తగ్గిస్తే మనిషి సంతోషంగా పోయేవాడు, కొట్టుకి నష్టం ఉండేది కాదు. మరీ గీచి గీచి అడిగేవాణ్ణి చూసి నవ్వి, "ఇక దీనికి కింద నేల ఉంది బాబూ" అనేది. ఆ నేల ఎక్కడుందో ఆవిడకి ఖచ్చితంగా తెలుసు. అదే అసలు రహస్యం.

పెద్దాయన కాలంలో కంప్యూటరు లేదు. కొన్న ధర గుర్తుండాలి, కొనేవాడికి తెలియకూడదు. అందుకని ప్రతి సామాను మీదా అంటించే చీటీలో అమ్మే ధర అంకెల్లోనూ, దాని కింద కొన్న ధర అక్షరాల్లోనూ రాసేవాడు. పది వేర్వేరు అక్షరాలున్న ఒక మాట కావాలి. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా పదోది సున్నా. ఆ మాట పెద్దాయనకీ, కొడుక్కీ తప్ప మూడో కంటికి తెలీదని తండ్రీకొడుకుల నమ్మకం. చీటీల మీద "రుస్తేమే" అనో "లాభరా" అనో చదివి కొనేవాళ్ళు అదేదో కంపెనీ పేరు అనుకునేవారు. ఒకాయన అయితే "నాకు ఆ లాభరా కంపెనీ తాళమే కావాలి" అని పట్టుబట్టి మరీ కొనుక్కుపోయాడు.

చిల్లరక్క చేరిన అయిదో ఏట, ఒక మధ్యాహ్నం, సరుకు తెచ్చినవాడు బిల్లు ఆవిడ బల్లమీద మర్చిపోయాడు. అందులో ఇత్తడి కుళాయిలు, ఒక్కోటి రెండువందల నలభై ఏడు. సాయంత్రానికి ఆ కుళాయిల మీద పెద్దాయన చీటీలు అంటించాడు: రుస్తేమే. రు అంటే రెండు, స్తే అంటే నాలుగు, మే అంటే ఏడు. అంతవరకే అయితే ఊరుకునేదేమో. కానీ లోపలి గదిలోంచి పెద్దాయన కొడుకుని మందలిస్తున్న గొంతు వినబడింది. కొడుకు ఎవరితోనో ధరల గురించి వాగాడట. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? నోరు మూస్తే లాభమే కదరా!"

ఆ మాట ఆవిడ రోజుకి రెండుసార్లు వింటూనే ఉంది. ఆ రోజు మాత్రం చేతిలో చిల్లర అలాగే పట్టుకుని వేళ్ళమీద లెక్కపెట్టింది. నో, రు, మూ, స్తే, లా, భ, మే, క, ద, రా. పది. సరిగ్గా పది.

ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో తనలో తాను నవ్వుకుంటుంటే పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చుంది. ఇంట్లో మొగుడు దర్జీ. మిషను తొక్కుతూ, "ఏంటి, మొహం వెలిగిపోతోంది?" అన్నాడు. ఏమీ లేదంది. అతను నమ్మాడు. ఎందుకంటే అతని దృష్టిలో ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటి గొడవలు, పైవాటా వాళ్ళ అద్దె బాకీ, అన్నీ అన్నం గిన్నె దించేలోపే చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఈ ఒక్క మాట పదిహేడేళ్ళు కడుపులో పెట్టుకుంది. మొగుడికీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. అలాగని అది పెద్ద తపస్సేమీ కాదు. చెబితే పోతుంది కదా అని చెప్పలేదు, అంతే.

ఒక్కటి మాత్రం కాస్త గుచ్చుకునేది. రోజుకి ఒకడైనా "అక్కా, నిజం చెప్పు, మీకు పడ్డదెంత?" అని అడుగుతాడు. "నాకేం తెలుసు బాబూ, చిల్లరిచ్చేదాన్ని" అంటుంది. అది అబద్ధం. చిన్న అబద్ధమే. కానీ రోజూ చెప్పే చిన్న అబద్ధం చెప్పులో రాయిలా ఉంటుంది, నడక ఆగదు గానీ మర్చిపోనూ మర్చిపోం.

ఇలా ఉండగా కొట్టులోకి కంప్యూటరు బిల్లింగు వచ్చింది.

రావడానికి కారణం ఉంది. రెండో గల్లాలో కూర్చునే మనిషి మానేసి ఎదురు వీధిలో కొట్టులో చేరాడు. చేరిన నెలకే ఆ కొట్టువాళ్ళు ఇక్కడికి సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గరికే వెళ్ళి, ఇక్కడి ధరలే చెప్పి, ఇంకా తగ్గించమన్నారు. అన్నయ్యగారికి నిద్ర పట్టలేదు. ఆ కాలంలోనే ఆ కొట్టువాళ్ళు చిల్లరక్కనీ పిలిచారు, జీతానికి సగం జీతం కలిపి ఇస్తామన్నారు. ఆవిడ రానంది. ఆ సంగతి ఆయనకి ఎలాగో తెలిసింది, ఎందుకు రానందో మాత్రం అర్థం కాలేదు.

ఖాళీ అయిన రెండో గల్లాకి ఒక రిటైరయిన బస్సు కండక్టరుని పెట్టారు. అందరికీ ఆయన కండక్టర్ బాబాయే. బిల్లు చింపి చేతిలో పెట్టి "రైట్ రైట్" అంటాడు, అది వినగానే కొనుక్కున్నవాళ్ళు తెలియకుండానే రెండడుగులు ముందుకేస్తారు.

సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, టీ చల్లారిపోతున్నా పట్టించుకోని రకం. అన్నయ్యగారు ఆ అమ్మాయికి ఒకటే మాట పదిసార్లు చెప్పాడు.

"గల్లాలో వాళ్ళు బిల్లు కొట్టాలి. కొన్న ధర కనబడకూడదు. ఎవరి దగ్గర కొన్నామో కనబడకూడదు. లాభం ఎంతో అసలే కనబడకూడదు."

"అర్థమైంది సార్. ఎవరి లాగిన్ వాళ్ళకి ఇస్తాను. మీది యజమాని లాగిన్, అన్నీ కనిపిస్తాయి. వాళ్ళది క్యాషియర్ లాగిన్. బిల్లు, వాపసు, సాయంత్రం వాళ్ళ గల్లా లెక్క అప్పగించడం, అంతే. కొనుగోళ్ళూ రిపోర్టులూ వాళ్ళ తెరమీద ఉండనే ఉండవు."

"బేరమో? బేరం లేకపోతే మేస్త్రీలు మెట్టెక్కరు."

"అయితే రేటు మార్చే అనుమతి ఇస్తాను."

"ఇస్తే నష్టానికి అమ్మేస్తారు! కొన్న ధరకంటే తగ్గిస్తే మెషీను అరవాలి. నేనొచ్చి నా నంబరు కొడితే తప్ప బిల్లు కదలకూడదు."

ఆ అమ్మాయి ఒక క్షణం ఆలోచించి ఏదో చెప్పబోయింది. ఈలోగా రంగు డబ్బాల లారీ వచ్చింది, ఆయన లేచిపోయాడు. ఆ అమ్మాయి అడిగినట్టే పెట్టేసి వెళ్ళింది.

ఇదంతా వింటూ గల్లాలో కూర్చున్న చిల్లరక్కకి కోపం రాలేదు. కొట్టు ఆయనది, దాచుకుంటాడు. పాత మనిషి చేసిన పనికి భయపడ్డాడు, తప్పేముంది? కానీ కొత్త సరుకు దిగాక తెలిసింది అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో. కొత్త డబ్బాల మీద బార్‌కోడు గీతల చీటీలే, అక్షరాల్లేవు. ఒక షవరు చేతిలోకి తీసుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. అమ్మే ధర నాలుగువందల యాభై. దాని కింద నేల ఎక్కడుంది?

ఆ మధ్యాహ్నమే గుబురు మీసాల మేస్త్రి వచ్చాడు, పదేళ్ళుగా ఆవిడ దగ్గరే కొనేవాడు. షవర్లు ఆరు కావాలన్నాడు.

"ఎంతకిస్తావక్కా?"

ఆవిడ షవరుని ఇంకోసారి తిప్పి చూసింది. "నాలుగువందల నలభై" అంది.

"పదా? పది తగ్గించడానికి నీ దగ్గరికెందుకు, ఎదురు కొట్టుకి పోనా?"

నిజంగానే పోయాడు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ముందునుంచి ఒక మేస్త్రి ఉత్త చేతుల్తో వెళ్ళిపోవడం అదే మొదలు. సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం కెలుకుతూ కూర్చుంది. మొగుడు అడిగితే, "ఇక నేను గీతలు చూపించే దాన్నేనండీ. టింగుమంటే డబ్బులు తీసుకోవడం. దానికి నేనే ఎందుకు, ఎవరైనా చాలు" అంది. అని ఏడ్చింది కూడా. దర్జీకి సగమే అర్థమైంది. ఆ సగానికి తగ్గట్టు మజ్జిగ కలిపి ఇచ్చాడు.

రెండు రోజులకి ఆవిడకి దారి దొరికింది, అదీ చెయ్యి జారి. అదే షవరుకి నాలుగువందల పది కొట్టబోయి మూడువందల పది కొట్టింది. మెషీను కీచుమని అరిచి ఎర్రటి పెట్టె చూపించింది: కొన్న ధర కంటే తక్కువ. యజమాని నంబరు కొట్టండి.

చిల్లరక్క ఆ ఎర్ర పెట్టెని అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత దాన్ని మూసి మూడువందల అరవై కొట్టింది. నిశ్శబ్దం. మూడువందల నలభై, కీచు. మూడువందల యాభై, నిశ్శబ్దం. నలభై అయిదు, కీచు. నలభై ఎనిమిది, నిశ్శబ్దం. నలభై ఏడు, కీచు.

మూడువందల నలభై ఎనిమిది. మూస్తేక.

పాత స్నేహితురాలు ఎదురొచ్చినట్టు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రికి కబురు పంపి ఒక్కోటి నాలుగువందల చొప్పున ఆరు షవర్లూ ఇచ్చింది. "ఇదీ మా అక్క!" అన్నాడతను. ఆ వారమంతా ఆవిడ కొనేవాళ్ళు లేని వేళల్లో కొత్త సరుకు ఒక్కొక్కటే కొట్టి చూసుకుంది. బిల్లు వేయకుండానే చెరిపేసింది. ఎవరికీ నష్టం లేదు కదా అనుకుంది. అనుకున్నప్పుడల్లా చెప్పులో రాయి మాత్రం కొంచెం పెద్దదైంది.

అయితే ఈ ఎర్ర పెట్టె ఆవిడ ఒక్కదాని సొత్తా? పక్క గల్లాలో కండక్టర్ బాబాయ్‌కీ కనబడింది. ఆయన దాన్ని రహస్యం అనుకోలేదు, సౌకర్యం అనుకున్నాడు. కొనేవాడి ఎదుటే, గొంతెత్తి మరీ వాడడం మొదలుపెట్టాడు.

"మూడొందల తొంభై. మెషీను ఊరుకుంది. మూడొందల డెబ్భై. ఊరుకుంది."

"ఇంకో స్టాపు దింపండి బాబాయ్, ఇంకా కూయలేదుగా!" అనేవాడు మేస్త్రి.

"మూడొందల యాభై. ఆగండాగండి. మూడొందల నలభై. కూసింది! లాస్ట్ స్టాప్ మూడొందల యాభై. రైట్ రైట్."

పదిరోజుల్లో మేస్త్రీలందరికీ పాకింది. "కూత రేటెంత?" అని గుమ్మంలోంచే అడిగేవారు. కొందరు కౌంటరు మీదికి వంగి, "మీరు కొట్టండి, మేం వింటాం" అని చెవి ఒగ్గేవారు. చిల్లరక్క వరస సన్నబడింది, బాబాయ్ వరస షట్టరు దాటింది. పాపం ఆయన తన చాకచక్యానికి తానే మురిసిపోయాడు.

నెలాఖరుకి అన్నయ్యగారు తన గదిలో తన లాగిన్‌లో లాభాల రిపోర్టు తీశాడు. కొత్త సరుకు అమ్మకం బారెడు, లాభం బెత్తెడు. ఎవరి లాగిన్‌లో ఎంత తగ్గింపు పోయిందో కూడా అందులోనే ఉంది. బాబాయ్ బిల్లులన్నీ కొన్న ధరకి గోరంత పైన ఆగాయి. ప్రతి ఒక్కటీ.

ఆయన చిల్లరక్కని లోపలికి పిలిచాడు. మొహం నల్లగా ఉంది.

"చెల్లెమ్మా, ఆ బాబాయ్‌కి ఎవరో మన ధరలు అందిస్తున్నారు. కొత్త మనిషి, వచ్చి రెండు నెలలు కాలేదు. పాతవాడిలాగే ఎదురు కొట్టుతో లాలూచీ ఉందేమో. రేపు లెక్క చూసి పంపించేస్తాను. నీకు చెబుదామని పిలిచాను, రేపణ్ణించి కొన్నాళ్ళు రెండు గల్లాలూ నువ్వే చూసుకోవాలి."

చిల్లరక్క గుమ్మంలోంచి రెండో గల్లా వైపు చూసింది. ఊరుకుంటే చాలు. బాబాయ్ పోతాడు, ఎర్ర పెట్టె తన ఒక్కదానికే మిగులుతుంది, వరస మళ్ళీ తనవైపే తిరుగుతుంది. నోరు మూస్తే లాభమే. కానీ ఆ ముసలాయన మధ్యాహ్నం తెచ్చుకున్న అరటిపళ్ళలో రోజూ ఒకటి ఈవిడ బల్లమీద పెడతాడు, టికెట్టు కొట్టినట్టు గోటితో దానిమీద చిన్న గాటు పెట్టి. ఆయన్ని దొంగ అని పంపిస్తే ఆ పండు ఇక గొంతు దిగుతుందా?

"బాబాయ్‌గారికి ఎవరూ చెప్పలేదు అన్నయ్యగారూ. మెషీనే చెబుతోంది."

"మెషీనా? కొన్న ధర దాచాం కదా!"

"దాచారు. కానీ దాటితే అరవమన్నారు. గుడ్డివాడైనా కర్ర తగిలితే గోడ ఎక్కడుందో చెప్పేస్తాడు." లేచి వెళ్ళి తన లాగిన్‌లో ఒక గొళ్ళెం తీసి ఆయన కళ్ళముందే కొట్టింది. అయిదో కీచుకి ధర బయటపడింది. ఆయన నోరు తెరుచుకుని చూశాడు. అరవమన్నది తనే.

"ఇది ముందు కనిపెట్టింది నేను" అంది చిల్లరక్క. "బాబాయ్ కాదు. మూడు వారాలైంది. మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. ధర తెలియకపోతే నాకు బేరం చేతకాదు. అందుకని."

"మరి ఇన్నేళ్ళూ ఎలా చేశావ్?"

అడిగిన తర్వాత గానీ ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో ఆయనకి తట్టలేదు. చిల్లరక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది. బల్లమీద కాగితాలు కదలకుండా పెట్టిన పాత తాళం ఒకటుంది, పెద్దాయన చీటీ ఇంకా అంటుకునే ఉంది. దాన్ని చూస్తూ చదివింది.

"లాభరా. అయిదువందల అరవై."

ఆయన ఆ తాళాన్ని చేతిలోకి తీసుకుని చీటీ చూశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"పదిహేడేళ్ళు."

"ఎవరికి చెప్పావ్?"

"మీకే. ఇదిగో ఇప్పుడే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కోప్పడతాడని ఆవిడ ఎదురుచూసింది. ఈ గదిలోంచి ఇటునుంచి ఇటే బస్‌స్టాపుకి నడవాల్సి వస్తుందనీ, సబ్బుపెట్టె మాత్రం అడిగి తీసుకోవాలనీ కూడా అనుకుంది. ఆయన లెక్కపెడుతున్నాడు. పదిహేడేళ్ళు. వేల సామాన్లు. ఎదురు కొట్టు వాళ్ళు సగం జీతం కలిపి ఇస్తామన్న రోజుకి ఈవిడ బుర్రలో ఈ కొట్టు మొత్తం ఉంది.

"మా నాన్న ఆ మాట నన్ను తిట్టడానికి వాడేవాడనుకున్నాను" అన్నాడు చివరికి. "రోజూ నాకే చెప్పాడు. విన్నది నువ్వు."

చిల్లరక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దాచుకోవడానికి గబుక్కున ఇంకో మాట అనేసింది. "ఇంకొకటి కూడా చెప్పనా? మీరు మెషీనులో కొట్టే నంబరు ఒకటి రెండు మూడు నాలుగు కదూ?"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నేను కొడుతుంటే నువ్వెప్పుడూ గోడవైపు తిరుగుతావ్! ఎలా తెలిసింది?"

"నో, రు, మూ, స్తే. మీరు ఇంకేం పెడతారు?"

"ఈ మాట తెలియనివాడు జన్మలో కనిపెట్టలేడని పెట్టాను" అన్నాడాయన దీనంగా.

మర్నాడు వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయికి ఆ సంగతి చెబితే ఆ పిల్ల నెత్తి పట్టుకుంది. "సార్, లోకంలో దొంగలందరూ మొదట కొట్టేది ఆ నంబరే! లాభం, సప్లయర్లు, ధరలు, అన్నీ దాచి, తాళంచెవి గుమ్మానికే వేలాడదీశారు!" అన్నయ్యగారికి నవ్వొచ్చింది. చాలా అరుదు. బయట కండక్టర్ బాబాయ్ ఏమైందోనని లోపలికి తొంగి చూశాడు. తన ఉద్యోగం ముందురోజు సాయంత్రం లాస్ట్ స్టాపు దాకా వెళ్ళి వచ్చిందని ఆయనకి ఈ రోజుకీ తెలీదు.

ఎర్ర పెట్టె పోయింది. ఆ అమ్మాయి క్యాషియర్ లాగిన్‌లోంచి కొన్న ధరకి సంబంధించిన హెచ్చరిక తీసేసింది. దాని బదులు ప్రతి సామానుకీ కనీస అమ్మకం ధర అని ఒక గడి పెట్టింది. గల్లాలో వాళ్ళకి అమ్మే ధరా, ఆ కనీస ధరా కనిపిస్తాయి. దానికంటే కిందికి పోవాలంటే యజమాని రావాలి.

"కానీ సార్, అన్నిటికీ కొన్న ధర మీద పది శాతం అని ఒకేలా పెట్టొద్దు. ఒక్క సామాను ధర తెలిసినవాడు మిగతావన్నీ లెక్కకట్టేస్తాడు. ఒక్కోటి ఆలోచించి పెట్టండి."

"నేనెలా ఆలోచించను? మేస్త్రి ఎంతకి ఒప్పుకుంటాడో నాకేం తెలుసు?" అని, అన్నయ్యగారు చిల్లరక్క వైపు చూశాడు.

అలా రెండు మధ్యాహ్నాలు ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. తెర ఆయనవైపు. తెర వీపు ఆవిడవైపు. ఆవిడ మేస్త్రీల వైపునుంచి చెబుతుంది, ఆయన తన అంకెల వైపునుంచి చూస్తాడు.

"షవరుకి మూడువందల తొంభై. అంతకంటే ఎక్కువైతే ఎదురు కొట్టుకి పోతారు."

"సరే."

"గొళ్ళేనికి డెబ్భై."

"ఊహూ."

"డెబ్భై అయిదు."

"సరే."

"పెద్ద తాళానికి... పాతదేనా? అయితే లాభరాకి ఎంత పైన పెట్టుకుంటారో మీ ఇష్టం."

"అమ్మా, నీకు తెలిసినవి చెప్పకు, నాకు గుండె దడగా ఉంటుంది!"

మధ్యలో ఒకసారి ఆయన ఆగి, "నీకూ కొన్న ధర కనబడేలా పెట్టమంటాను. ఇన్నేళ్ళు తెలిసినదానివి, ఇంకా దాచడమెందుకు?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

తీయని మాట. పదిహేడేళ్ళు దొంగచాటుగా తిన్నది ఇప్పుడు పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. అయినా చిల్లరక్క తల అడ్డంగా ఊపింది. "వద్దన్నయ్యగారూ. నేల ఎక్కడుందో తెలిస్తే చాలు. నేల కింద ఏముందో నాకెందుకు?"

అన్నీ అయ్యాక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఆవిడని గల్లాలో కూర్చోబెట్టింది. "మేడమ్, ఇప్పుడు మీరే దొంగ అనుకోండి. కొన్న ధర ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి." చిల్లరక్క ఉత్సాహంగా వెతికింది. రేటు తగ్గించి చూసింది, వాపసు బిల్లు తీసి చూసింది, పాత బిల్లు మళ్ళీ అచ్చువేసి చూసింది, సామాను పేరుతో వెతికింది, గల్లా అప్పగింత తెర అటూ ఇటూ తిప్పింది. అరగంట తర్వాత, "ఎక్కడా లేదమ్మాయ్" అంది. ఆ మాటలో కాస్త నిరాశ ఉంది, బోలెడు ఊరట ఉంది.

అన్నయ్యగారు కొత్త నంబరు పెట్టుకున్నాడు, ఈసారి ఆరంకెలు. ఆయన కొడుతున్నంతసేపూ చిల్లరక్క అలవాటుగా గోడవైపు తిరిగి నిలబడింది.

ఆ వారంలోనే గుబురు మీసాల మేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి అంతకుముందు రోజే దిగిన కొత్తరకం కుళాయిలు కావాలన్నాడు. అమ్మే ధర మూడువందల ఇరవై. కూత వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాడు. కూత లేదు. చిల్లరక్క మొహమే ఉంది.

"మూడువందలు" అంది ఆవిడ.

"రెండొందల ఎనభై."

ఆవిడ అతని చెప్పులకి అంటిన సిమెంటు చూసింది, చేతిలో రాసుకొచ్చిన జాబితా పొడుగు చూసింది. కుళాయిలు అయ్యాక పైపులూ ఇక్కడే కొంటాడు. "రెండువందల తొంభై. పైపులు కూడా రాయించు. దీనికి కింద నేల ఉంది బాబూ."

అతను నవ్వి జేబులో చెయ్యి పెట్టాడు. డబ్బు తీస్తూ కౌంటరు మీదికి వంగి, ఎప్పటిలాగే గొంతు తగ్గించి, "అక్కా, ఇచ్చేశాలే. ఇప్పుడైనా నిజం చెప్పు. మీకు పడ్డదెంత?" అన్నాడు.

"నాకేం తెలుసు బాబూ" అంది చిల్లరక్క.

అని, చిల్లర తీయబోతూ ఆగిపోయింది. కుళాయి వైపు చూసింది. నిజంగానే తెలీదు. మేస్త్రికి ఏం అర్థమైందో ఏమో గానీ, ఆవిడ అలా నవ్వడం అతను పదేళ్ళలో చూడలేదు. మళ్ళీ ఒకసారి, కొంచెం గట్టిగా, పక్క గల్లాకి కూడా వినబడేలా అంది.

"ఒట్టు బాబూ, నాకు తెలీదు."